తడపని లైనింగ్

గోడ గడియారం నాలుగు కొట్టేసరికి వాచీ బాబాయి మా గుమ్మంలో ఉండేవాడు. యాభై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్న మనిషి, ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేవాడు కాదు. ఆయన కొట్టూ మా మామగారి టైలరింగ్ కొట్టూ పక్కపక్కనే, మధ్యలో ఒకటే గోడ. మామగారు మిషను దిగి ఏళ్ళయింది. బాబాయి మాత్రం ఇంకా కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుంటూనే ఉన్నాడు. సాయంత్రం ఒక్క గంట కొట్టుకి తాళం వేసి, మామగారితో చదరంగం ఆడడానికి మా ఇంటికొచ్చేవాడు.

"ఏరా కత్తెరా, ఇవాళైనా గెలుస్తావా?" అనేవాడు లోపలికొస్తూనే.

"నిన్న గెలిచిందెవరురా ముల్లూ? మతిమరుపు మందు వేసుకున్నావా?" అనేవారు మామగారు.

వాళ్ళ అసలు పేర్లు వాళ్ళకైనా గుర్తున్నాయో లేదో.

కిందటి వానాకాలం మామగారు మెట్టు మీద జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక వీధి వైపు గదిలో మంచం వేసి పడుకోబెట్టాం. ఐదు నెలలు. ఇప్పుడు నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని బాత్రూమ్ దాకా నడుస్తున్నారు గానీ, రోజులో ఎక్కువ భాగం ఆ మంచం మీదే. ఆ గదికి వీధిలోకి ఒక పెద్ద కిటికీ ఉంది. దోమలొస్తాయని, దుమ్మొస్తుందని, చల్లగాలి తగిలితే నొప్పులు పెరుగుతాయని ఆ కిటికీ మూసేశాం. దాని మీద నేరేడు పండు రంగు కర్టెన్లు రెండు, నేల దాకా వేలాడేవి, ఎప్పుడూ దగ్గరికి లాగే ఉండేవి.

మూసిన గదిలో ఐదు నెలలు మనిషి పడుకుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నొప్పుల తైలం, మందులు, చెమట, ఆరీ ఆరని తువ్వాళ్ళు. నేను దుప్పట్లు మారుస్తూనే ఉన్నాను. అయినా తలుపు తీయగానే మొహానికి కొట్టేది.

మా ఆయన పనిచేసేది ఇంటి సామాన్ల దుకాణంలో. అక్కడ స్ప్రేల వరస ఆయనదే. ఒకరోజు మూడు డబ్బాలు తెచ్చారు, గులాబీ ఒకటి, నిమ్మ ఒకటి, సముద్రం ఒకటి.

"సముద్రం వాసన ఏమిటండీ, చేపల కంపా?" అన్నాను.

"నీకేం తెలుసు! అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేది అదే" అన్నారు ఆయన, నేనేదో ఆయన పిల్లాణ్ణి తిట్టినట్టు.

సెలవు రోజుల్లో నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా ఆయనే డబ్బా పట్టుకుని గదిలో నాలుగు మూలలా కొట్టేవారు. కర్టెన్లకి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండు సార్లు. "గుడ్డ పట్టుకుంటుంది, వాసన చాలాసేపు ఉంటుంది" అని దుకాణంలో చెప్పే మాటలే నాకూ చెప్పేవారు. ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లో ఆ పని నాది. "బాబాయి వచ్చే టైమయింది, కొట్టావా?" అని ఫోన్ చేసి మరీ అడిగేవారు. పెద్దాయన ముందు ఇల్లు కంపు కొట్టకూడదని ఆయన తాపత్రయం. తప్పు పట్టడానికి లేదు.

గంటసేపు కూర్చునే బాబాయి అరగంటకే లేవడం మొదలుపెట్టాడు. తర్వాత ఇరవై నిమిషాలకి. ఆట సగంలో ఉండగానే, "కొట్లో ఎవరో వస్తామన్నారురా" అనేవాడు. ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇవాళ జలుబుగా ఉందిరా, నీకు అంటుకుంటుంది" అని అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు రాలేదు. ఆ పై రోజూ రాలేదు. నాలుగో రోజు గడియారం నాలుగు కొట్టాక, మామగారు కాసేపు గుమ్మం వైపు చూసి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఆ బోర్డు తీసి బీరువా మీద పెట్టేయమ్మా."

"ఎందుకు మామయ్యా? జలుబు తగ్గాక వస్తారుగా."

"జలుబు కాదు, ఏమీ కాదు. వాడు నా వాసన పడలేక పోతున్నాడు." నా వైపు చూడకుండా, దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ అన్నారు. "నలభై ఏళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ కూర్చున్నాం. ఒక్క రోజు ముక్కు మూసుకోలేదు వాడు. మొన్న మూసుకున్నాడు. చూశాను."

బోర్డు తీసి బీరువా మీద పెట్టాను. మామగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజు రాత్రి భోజనం కూడా సగమే తిన్నారు.

మర్నాడు పొద్దున కూరగాయలకని సంచీ పట్టుకుని వాచీ కొట్టుకి వెళ్ళాను. బాబాయి ఏదో చిన్న పళ్ళచక్రాన్ని చిమటాతో పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి భూతద్దం నుదుటి మీదికి తోసుకున్నాడు.

"రా అమ్మాయ్. వాడెలా ఉన్నాడు?"

"మీరు రావడం మానేశారని బోర్డు బీరువా ఎక్కించారు. తన ఒంటి వాసన పడక మీరు రావట్లేదనుకుంటున్నారు."

బాబాయి చిమటా కింద పెట్టాడు. "వాడి మొహం! నలభై ఏళ్ళు వాడి చెమటా, వాడి ఇస్త్రీపెట్టె బొగ్గూ, వాడి సుద్దముక్కలూ పీల్చుకుంటూ బతికాను నేను. వాడి వాసన నాకు పడకపోవడమేమిటి?"

"మరి?"

కొంచెం సేపు నసిగాడు. "మీ ఆయన కొడతాడే, ఆ డబ్బా. అది పడట్లేదమ్మా. కిందటేడాది నుంచి నాకు ఉబ్బసం. డాక్టరు అగరొత్తి పొగే దగ్గరగా వద్దన్నాడు, ఇక ఆ డబ్బా సంగతి చెప్పాలా? ఆ గదిలోకి అడుగు పెడితే ఛాతీ బిగుసుకుపోతుంది. రాత్రంతా పిల్లికూతలు. అబ్బాయి ఎంతో ముచ్చటగా నా కోసమే కొడుతుంటే 'ఆపరా నాయనా' అని ఎలా అనను?"

"అనాలి బాబాయ్. మీరనకపోవడం వల్లే అక్కడ ఒక మనిషి అన్నం మానేశాడు."

తల దించుకున్నాడు. పెద్దాయన్ని అలా అనేసినందుకు నాకూ సిగ్గేసింది. అందుకే వెంటనే అన్నాను, "ఇవాళ శుక్రవారం. వచ్చే గురువారం నాలుగింటికి రండి. ఈలోపు ఆ గది సంగతి నేను చూస్తాను. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చండి. పడకపోతే మొహం మీదే చెప్పి వెళ్ళిపోండి."

"సరిగ్గా నాలుగింటికి" అన్నాడు బాబాయి, చెయ్యి గుండె మీద పెట్టుకుని. గడియారం మీద పెట్టుకున్నా అంతే అయ్యేది.

ఇంటికెళ్ళి మూడు డబ్బాలూ తీసి అటక మీద పెట్టాను. సాయంత్రం మా ఆయన వచ్చి వెతుక్కున్నారు. జరిగింది చెప్పాను. ముందు మొహం చిన్నబుచ్చుకున్నారు. "అయితే నేను కొన్ని వేల డబ్బాలు అమ్మాను. వాళ్ళందరి ఇళ్ళకీ చుట్టాలు రావడం మానేశారంటావా?" అన్నారు.

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. మన ఇంటికి మానేశారు."

ఆయన అటక వైపు ఒకసారి చూసి, చొక్కా మార్చుకోడానికి వెళ్ళారు.

శనివారం పొద్దున్నే కిటికీ తలుపులు తీశాను. కర్టెన్లు రెండు పక్కలకీ లాగి తాడుతో కట్టాను. కిటికీ ఒక్కటీ తీస్తే గాలి దాని దగ్గరే ఆగిపోతుంది, లోపలికి రాదు. దానికి ఎదురుగా ఉన్న గది తలుపు, ఆ వెనక వంటింటి కిటికీ కూడా తీశాను. అప్పుడు కదిలింది గాలి. గోడకున్న క్యాలెండర్ కాగితం టపటపా కొట్టుకుంది. మామగారికి శాలువా కప్పి, మంచం గాలికి ఎదురు కాకుండా మూలకి జరిపాను.

"చంపేస్తావా అమ్మాయ్ చలికి?"

"అరగంటే మామయ్యా. అరగంటలో చచ్చిపోరులెండి."

నవ్వారు. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

పరుపు మేడ మీద ఎండలో వేశాను, మధ్యాహ్నం తిరగేశాను. దిండ్లు విడిగా ఆరేశాను. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, కరకరలాడేదాకా ఆరనిచ్చాను. పైపైన ఆరినవి మడతపెడితే ఆ మడతల్లోంచే మళ్ళీ ముక్కిపోయిన వాసన వస్తుంది, అది నాకు బాగా తెలుసు. నేల సబ్బునీళ్ళతో కడిగి, మందుల బల్ల తుడిచి, కారిన తైలం సీసా మూత మార్చాను.

అంతా అయ్యాక నా వంతు తెలివితక్కువ పని ఒకటి చేశాను. గది ఘుమఘుమలాడాలని కిటికీ మూసి నాలుగు అగరొత్తులు ఒకేసారి వెలిగించాను. పది నిమిషాలకి లోపల్నుంచి దగ్గు.

"ఏమ్మా, పొగబెట్టి తరిమేద్దామనా? డబ్బా పోయి ఇది వచ్చిందా?"

పరుగెత్తుకెళ్ళి కిటికీ తీసి మూడు ఆర్పేశాను. ఆ తర్వాత నుంచి ఒక్కటే, అదీ పొద్దున ఊడ్చి తుడిచాక, బయట నడవాలో కిటికీ దగ్గర. అది ఆరిపోయేటప్పటికి లోపలికి లీలగా వాసన మాత్రం వచ్చేది, పొగ రాదు. సాయంత్రం వెలిగించనే లేదు, బాబాయి ఛాతీ గుర్తొచ్చి.

ఆదివారం సాయంత్రం గదిలోకి వెళ్ళి కళ్ళు మూసుకుని గాలి పీల్చాను. డబ్బాల వాసన చాలావరకు పోయింది. పోయాక, దాని వెనక ఇన్నాళ్ళూ దాక్కున్నదేదో తేలింది. పాత తైలం, తడి గోనె, వాడిపోయిన గులాబీ కలిపి ఉడకబెట్టినట్టు ఒక మందమైన వాసన. కిటికీ తీసినంతసేపూ తెలియదు. మూసిన పావుగంటకి మళ్ళీ వచ్చేస్తుంది.

మామగారికీ తెలిసింది. "చూశావా? డబ్బా మానేస్తే అసలుది బయటపడింది. అది నేనేనమ్మా. ఎంత ఉతికినా నన్ను ఉతకలేవు కదా."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. సోమవారం పొద్దున ఆయన బాత్రూమ్‌కి వెళ్ళిన వేళ ఒక్కొక్క వస్తువూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పరుపు, దాంట్లో ఎండ వాసన ఉంది. దిండు, సబ్బు వాసన. గోడ, బీరువా వెనక, మంచం కోళ్ళు, వాటిలో ఏమీ లేదు. ఆయన విప్పిన చొక్కా కూడా చూశాను. తైలం వాసన కాస్త ఉంది, అంతే. చివరికి కర్టెన్ మడత తీసి మొహం అందులో పెట్టాను. వెంటనే వెనక్కి వచ్చేశాను. ఐదు నెలల తైలమూ, ఇన్నాళ్ళ డబ్బాలూ, వాటికి ముందు ఎన్నేళ్ళ దుమ్మో, అంతా అందులోనే ఉంది. గుడ్డ పట్టుకుంటుంది అని మా ఆయన చెప్పింది నిజమే. అన్నీ పట్టుకుంది.

మామగారు వచ్చి మంచం మీద కూర్చోగానే చెప్పాను. "దొరికింది మామయ్యా. మీరు కాదు. కర్టెన్లు. ఇవాళే ఉతికేస్తాను."

నేను అనుకున్నట్టు ఆయన మొహం విప్పారలేదు. "వద్దు" అన్నారు.

"అదేమిటి?"

"వాటిని ఉతకకూడదు. రంగు దిగుతుంది. మీ అత్తగారున్నప్పుడే చెప్పాను. పదకొండేళ్ళ నుంచి ఎవ్వరూ నీళ్ళు తగిలించలేదు."

"కొంచెం అంచు తడిపి చూస్తాను."

"వద్దన్నానా! కర్టెన్ల జోలికి వెళ్ళకు!" ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. నేను కన్నీళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం మా ఆయన చెప్పారు, "ఆ కర్టెన్లు అమ్మ కోసం నాన్న స్వయంగా కుట్టారు. ఊళ్ళో వాళ్ళందరికీ కుడతావు, మన కిటికీకి గుడ్డపేలిక లేదు అని అమ్మ ఇరవై ఏళ్ళు సాధించింది. అవి వేలాడదీసిన రోజున వీధంతా పిలిచి చూపించింది. అందుకే వాటి మీద అంత ప్రేమ."

ప్రేమున్న వస్తువుని ఉతకనివ్వకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఊరుకున్నాను. మూల దుకాణం నుంచి మల్లెలు తెచ్చి నీళ్ళున్న గాజు గిన్నెలో వేసి, మంచానికి దూరంగా బల్ల మీద పెట్టాను. గిన్నెడు మల్లెలు గదంతా నిండాయి గానీ, కర్టెన్ని ఓడించలేకపోయాయి.

మంగళవారం పొద్దున నేను కిటికీ తీస్తుంటే మామగారు పిలిచారు. రాత్రి నిద్రపోయినట్టు లేరు.

"వాడు గురువారం వస్తానన్నాడా?"

"సరిగ్గా నాలుగింటికి."

"వచ్చి గుమ్మంలోంచే పోతే?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, కొత్త నూలు గుడ్డని నీళ్ళలో వేస్తే ఏమవుతుంది?"

"కుంచించుకుపోతుంది."

"అందుకే లైనింగ్ గుడ్డని ముందు తడిపి, ఆరబెట్టి, అప్పుడు కోయాలి. నా దగ్గర పని నేర్చుకున్న పద్నాలుగు మందికీ మొదటి రోజు చెప్పిన పాఠం అది. తడపకుండా కుట్టినవాడి నెత్తి మీద స్కేలుతో కొట్టాను." ఆగారు. "ఆ కర్టెన్ల లైనింగ్ తడపలేదు."

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను.

"గుడ్డ కొని తెచ్చిన రోజు మీ అత్తగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. 'ఇరవై ఏళ్ళాగాను, ఇవాళే వేలాడాలి' అంది. తడిపితే రెండు రోజులు. ఇంటి పనే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను. పైగా కింద అంచు కూడా రెండూ కలిపేసి కుట్టేశాను. ఉతికితే లైనింగ్ పైకి పీక్కుంటుంది, పై గుడ్డ ముందుకి సంచిలా ఉబ్బుతుంది. ఎవరు కుట్టారని అడిగితే ఏం చెప్పను? అందుకని రంగు దిగుతుందన్నాను. ఆవిడక్కూడా చెప్పలేదు."

"పదకొండేళ్ళు?"

"పదకొండేళ్ళు" అన్నారు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"దీనికేనా నిన్న నా మీద అరిచారు? లైనింగ్ విప్పేసి విడిగా ఉతికితే పోలేదూ?"

నన్ను కొంచెం ఆశ్చర్యంగా చూశారు. తర్వాత కళ్ళలో ఏదో వెలిగింది, మిషను మీద కూర్చున్నప్పుడు ఉండేది. "నా చిన్న కత్తెర తీసుకురా. పక్క సొరుగులో ఉంటుంది."

మా ఆయన డ్యూటీకి వెళ్ళేముందు కర్టెన్లు దింపి ఇచ్చారు. వాటిని మంచం మీద పరిచి, దిండుకి ఆనుకుని కూర్చుని మామగారే కుట్లు విప్పారు. నాకు ఇవ్వలేదు. "గుడ్డ చింపుతావు" అన్నారు. ఐదు నెలలు మందు బిళ్ళ పట్టుకోడానికే వణికిన వేళ్ళు, ఒక్కొక్క కుట్టు కిందికి కత్తెర మొన దూర్చి టిక్ టిక్ మని తెంపుతున్నాయి. దారాల పోగులు నేను ఏరుతున్నాను. దుమ్ము లేచింది. ఇద్దరం తుమ్మాం.

రెండో కర్టెన్ కింది అంచు దగ్గర ఆయన ఆగిపోయారు.

"ఇది నా కుట్టు కాదు."

వంగి చూశాను. మిషను కుట్టు మధ్యలో జానెడు మేర విప్పి, మళ్ళీ చేత్తో కుట్టి ఉంది. వంకరటింకర కుట్లు, ఒకటి పొడవు, ఒకటి పొట్టి.

"మీ అత్తగారిది" అన్నారు నెమ్మదిగా. "ఆవిడకి సూదిపని ఎప్పుడూ రాలేదు. ఎంత చెప్పినా కుట్టు ఇలాగే పోయేది."

ఆ కుట్లు మాత్రం ఆయన తెంపలేదు. కత్తెర నా చేతికిచ్చారు. జాగ్రత్తగా విప్పి లోపల చెయ్యి పెడితే చిన్న గుడ్డ సంచీ ఒకటి దొరికింది, బొటనవేలంత. ముడి విప్పితే వట్టివేళ్ళు, ఎండి పొడి అయిపోయిన గులాబీ రేకులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పుడు ఏ వాసనా లేదు. మొదటి కర్టెన్ అంచు మళ్ళీ చూశాం. అందులోనూ మడతలో అలాంటిదే ఒకటి ఇరుక్కుని ఉంది, ఆ దుమ్ములో, తుమ్ముల్లో మేం గమనించలేదు. కుట్టు చోట సూది రంధ్రాలు ఒకటి కాదు, నాలుగైదు వరసలున్నాయి. అంటే విప్పి, మార్చి, మళ్ళీ కుట్టేదన్నమాట, ఏడాదికోసారో ఎప్పుడో. ఆవిడ పోయి నాలుగేళ్ళు. అప్పటి నుంచి మార్చేవాళ్ళు లేరు.

"ఉతకనివ్వట్లేదని ఇలా చేసిందా?" అన్నాను.

మామగారు సంచీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "విప్పినప్పుడు లోపల గుడ్డ చూసే ఉంటుంది. టైలరు పెళ్ళాం, తడిపిన గుడ్డకీ తడపని గుడ్డకీ తేడా తెలియదా? తెలిసీ ఒక్క మాట అనలేదు. ఇరవై ఏళ్ళు సాధించిన మనిషి!" అని ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. నేనూ నవ్వాను.

కర్టెన్ల పై గుడ్డ నానబెడితే మొదటి నీళ్ళు కాఫీ డికాషన్‌లా వచ్చాయి. రెండోవి పలచటి టీలా. నాలుగోసారికి తేటపడ్డాయి. రంగు చుక్క కూడా దిగలేదు. పై గుడ్డని నీడలో, తెల్ల లైనింగ్‌ని ఎండలో ఆరేశాను. బుధవారం మధ్యాహ్నానికి రెండూ బాగా ఆరాయి. మంచం మీద పక్కపక్కన పరిచి చూస్తే లైనింగ్ బెత్తెడు కురచయింది.

"చెప్పానా? నాలుగంగుళాలు" అన్నారు మామగారు. తన తప్పు కొలతకి సరిగ్గా వచ్చినందుకు గర్వపడుతున్నట్టున్నారు.

"లైనింగ్ తీసేస్తే పోదా?"

"పడమటి ఎండకి పై గుడ్డ ఏడాదిలో వెలిసిపోతుంది. అంచుకి పట్టీ వెయ్యి. తెల్ల గుడ్డ ఏముంది?"

పాత గలీబు ఒకటి తెచ్చాను.

"తడిపిందేనా?" అన్నారు.

"మామయ్యా, అది ఆరేళ్ళుగా ఉతుకుతున్న గలీబు."

"అడగడం నా ధర్మం."

ఆయన సుద్దతో గీత గీశారు, నేను మిషను మీద కుట్టాను. ఈసారి కింద అంచులు కలపనివ్వలేదు. లైనింగ్ దానిదిగా, పై గుడ్డ దానిదిగా వేలాడాలట, మళ్ళీ ఎప్పుడు ఉతికినా ఒకదాన్నొకటి పీక్కోకుండా. "వంకర పోతోంది, వంకర పోతోంది" అని మంచం మీద నుంచి అరుస్తూనే ఉన్నారు. సాయంత్రం మా ఆయన ఒక చుట్ట పట్టుకుని వచ్చారు. ఏ కొత్త డబ్బానో అని భయపడ్డాను. దోమల జాలీ! కిటికీకి కొలిచి, చెక్క పట్టీలతో మేకులు కొట్టి బిగించి, కర్టెన్లు మళ్ళీ వేలాడదీశారు. "ఇక దోమలొస్తాయని మూయక్కర్లేదు" అన్నారు. ఆయన దుకాణంలో జాలీల వరస ఇంకొకాయనదట. ఆ వరసకి మారితే ఎలా ఉంటుందో అడిగి చూస్తానన్నారు.

గురువారం పొద్దున గదికి గాలి ఆడనిచ్చాను. మల్లెల గిన్నెలో నీళ్ళు మార్చి తాజా పూలు వేశాను. కిందటి రోజు మరిచిపోతే కాడలు నాని అవీ కంపు కొట్టాయి, ఆ పాఠమూ అయింది. మామగారికి ఒళ్ళు తుడిచి ఉతికిన చొక్కా వేశాను. మూడున్నరకి బోర్డు బీరువా మీద నుంచి దింపాను. మామగారు పావులు సర్దుతూ తెల్లవి తనవైపు పెట్టుకుని, మళ్ళీ అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పారు. గుమ్మం వైపు చూడనట్టే చూస్తున్నారు.

గడియారం నాలుగు కొట్టింది. బాబాయి గుమ్మంలో నిలబడ్డాడు.

నాకిచ్చిన మాట ప్రకారం అక్కడే ఆగి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు. నేను వంటింటి తలుపు పట్టుకుని నిలబడ్డాను. మామగారు చేతిలో గుర్రాన్ని పట్టుకుని కదలలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. బాబాయి ఇంకోసారి పీల్చాడు. దగ్గు రాలేదు.

"ఏమీ లేదే!" అన్నాడు కళ్ళు తెరిచి. "ఉతికిన గుడ్డ, కాస్త మల్లెపూలు, ఇంకా కత్తెర. అంతే."

"కత్తెర వాసనేమిట్రా?"

"సుద్దముక్క. మన గోడ అవతలి వాసన. సుద్ద పట్టావా ఇవాళ?"

మామగారు వేళ్ళు చూసుకున్నారు. గోళ్ళ కింద ఇంకా తెల్లగానే ఉంది.

బాబాయి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కర్టెన్ గాలికి ఊగి లోపలి పట్టీ బయటపడింది. వాచీ చూసే కన్ను కదా, పట్టేసింది. "లైనింగ్‌కి అతుకేమిట్రా కింద?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. మామగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. "తడపకుండా కుట్టాను. పదకొండేళ్ళ కింద."

బాబాయి నోరు తెరుచుకుని చూశాడు. "పద్నాలుగు మందిని స్కేలుతో కొట్టినవాడివి నువ్వేనా?"

"నేనే."

"వాళ్ళందరినీ పిలుస్తానుండు. వరసలో నిలబెట్టి తలా ఒకటి తగిలించమంటాను."

"పిలువు. ముందు నీ మంత్రిని చూసుకో, పోతోంది."

ఐదున్నర అయింది. బాబాయి లేవలేదు. కొట్టు తాళం సంగతి ఎవరూ ఎత్తలేదు. కిటికీలోంచి వీధి చప్పుళ్ళతో పాటు చల్లగాలి వస్తుంటే, శాలువా కావాలా అని అడిగాను. మామగారు వద్దని తల ఊపారు, కళ్ళు బోర్డు మీదే.

బల్ల మీద, మల్లెల గిన్నె పక్కన, రెండు చిన్న గుడ్డ సంచీలున్నాయి. ఉతికి ఆరేసి పెట్టాను. మామగారు వాటిని పారేయనివ్వలేదు. రేపు వట్టివేళ్ళు తెమ్మన్నారు. కుట్టేది మాత్రం చేత్తోనేనట, ఎంత వంకరపోయినా సరే.